అమెరికాకు కొత్తగ వచ్చినోళ్లకు: తిన్నంక దద్దుర్లు లేస్తే గోలీతోని ఆగాల్నా, 911 కొట్టాల్నా

సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా, రూమ్ అగ్రిమెంటు గురించి చెప్పెటోళ్లు మీకు మస్తుమంది దొరుకుతరు. నేను ఒక్క ముచ్చటే చెప్త. మా అపార్ట్‌మెంటుకు కొత్తగ వచ్చిన దేవరకొండ పిల్లగాని సంగతి చూసినంక ఇది రాయకుండ ఉండబుద్ధి కాలేదు.

ఎవరో ఇంట్ల చేసుకొచ్చిన బ్రౌనీ తిన్నడు. అండ్ల అక్రోట్ ముక్కలున్నయి, ఇక్కడ వాల్‌నట్ అంటరు. పల్లీలు, జీడిపప్పు తిని పెరిగినోడే, ఎన్నడూ ఏం కాలేదు. పావుగంటకు పెదవులు చిమచిమ అన్నయి, మెడ మీద, చేతుల మీద దద్దుర్లు లేసినయి. రూమ్‌మేట్ సెట్రిజిన్ గోలీ ఇచ్చిండు. అక్కడిదాక బాగనే ఉంది. ఇంకో పది నిమిషాలకు గొంతు బొంగురుపోయింది, వెంటవెంట రెండుసార్లు కక్కుకున్నడు. అప్పుడు వీళ్లు చేసిందేందంటే, నల్లగొండల ఎంబీబీఎస్ చదివే బావకు వీడియో కాల్! ఇంకొకడు ఆంబులెన్స్‌కు బిల్లు ఎంతయితదో ఫోన్ల వెతుకుతున్నడు. పిల్లగాడు బాత్‌రూముకు పోదామని లేసి, గోడ పట్టుకొని అట్లనే కూలబడ్డడు. నేను పక్క ఫ్లాట్‌ల నుంచి వచ్చెటాల్లకు ఇదీ పరిస్థితి. 911 వాళ్లు వచ్చి తొడకు ఎపినెఫ్రిన్ సూది ఇచ్చిన్రు, కొన్ని నిమిషాలల్ల మనిషి తెప్పరిల్లిండు.

మన ఊర్లల్ల అలవాటు ఏంది? దద్దుర్లు లేస్తే అవ్వ గొంగడితోని రుద్దుతది, తగ్గకపోతే ఆర్‌ఎంపీ వచ్చి అవిల్, డెక్సా సూది ఇస్తడు, పొద్దుగాలకు తగ్గుతది. అందుకే సూది అంటే మనకు దురద తగ్గిచ్చేదే యాదికొస్తది. దేవరకొండ పిల్లగానికి కావాల్సింది ఆ సూది కాదు. అలర్జీల ఒంట్ల నుంచి హిస్టమిన్‌తో పాటు ఇంకా చానా రసాయనాలు విడుదలయితయి. రక్తనాళాలు వదులై నీరు కారుతది, బీపీ పడిపోతది, గొంతు లోపల వాస్తది, ఊపిరిగొట్టాలు బిగుసుకుంటయి. సెట్రిజిన్, అవిల్ లాంటి గోలీలు హిస్టమిన్‌నే అడ్డుకుంటయి, అది కూడ పనిచెయ్యనీకి అరగంట, గంట పడతది. డెక్సాకు ఇంకా ఎక్కువ టైం. నాళాలను బిగించి బీపీని లేపేది, ఊపిరిగొట్టాలను తెరిచేది ఎపినెఫ్రిన్ ఒక్కటే. గోలీ వేసి "చూద్దాం" అని కూసున్నరంటే ఆ టైం పోయినట్టే.

ఇగ ఎట్ల తేల్చుకోవాలె? దద్దుర్లు ఎన్నున్నయి, ఎంత పెద్దగున్నయి అని చూస్తరు అందరు. దాంతోని లెక్క తేలదు. చర్మం దాటి ఇంకేమన్న మొదలైందా అన్నదే చూడాలె. నా మొదటి సెమిస్టర్ల చైనీస్ బఫేల రొయ్యలు తిన్న రాత్రి పొట్ట మీద, తొడల మీద దద్దుర్లు నిండినయి, గోకి గోకి సచ్చిన. కానీ మాట మామూలుగనే వచ్చింది, ఊపిరి సాఫుగ ఆడింది, నీళ్లు మింగవడ్డయి, కళ్లు తిరగలేదు. సెట్రిజిన్ పది మిల్లీగ్రాములు ఒకటి వేసుకొని, రూమ్‌మేట్‌ను పండుకోనియ్యకుండ పక్కన కూసోపెట్టుకున్న. తెల్లారెటాల్లకు పోయినయి. అది చిన్నది.

దేవరకొండ పిల్లగానిది ఎక్కడ మారింది? గొంతు బొంగురుపోయిన కాడ. దద్దుర్లతో పాటు గొంతు మారినా, నాలుక వాసినా, ఉమ్మి మింగుడు కష్టమైనా, ఎదల పిల్లికూతలు వచ్చినా, కళ్లు తిరిగినా, కక్కులు ఆగకపోయినా అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ అనుకొనే నడవాలె. మనిషిని ఒక పూర్తి వాక్యం చెప్పమనండి. మధ్యల ఊపిరి కోసం ఆగితే ఇగ ఎవ్వర్నీ అడుగుడు లేదు, 911 కొట్టుడే. పడని వస్తువు తిన్నంక దద్దుర్లు లేకుండనే ఊపిరి ఆడకపోవుడు, బీపీ పడిపోవుడు కూడ ఉంటది, కాబట్టి చర్మం సాఫుగ ఉందని ధైర్యంగ ఉండకండి. ఆస్తమా ఉన్నోళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇంకో సంగతి, పిల్లగాన్ని లేవనియ్యకుండ ఉండాల్సింది. బీపీ పడిపోతున్న మనిషి ఒక్కసారి నిలబడితే గుండెకు రక్తం అందది, ప్రాణమే పోవచ్చు. ఎల్లకిల పండబెట్టి కాళ్లు ఎత్తు మీద పెట్టాలె. ఊపిరి కష్టంగ ఉంటే కాళ్లు సాపి కూసోపెట్టండి, కక్కుతుంటే పక్కకు తిప్పండి. బాత్‌రూముకు పోతనంటే బకెట్ తెచ్చి పక్కన పెట్టండి, అంతే.

బిల్లు సంగతికి వస్త, ఎందుకంటే అందరి నోట్ల ఇదే. అవును, ఆంబులెన్స్‌కు బిల్లు వస్తది. అనుకోని బిల్లుల మీద 2022ల అమల్లకు వచ్చిన చట్టం రోడ్డు మీద పోయే ఆంబులెన్స్‌కు వర్తించదు, అందుకే మీరు విన్న కథలు అబద్ధం కాదు. కానీ బిల్లు తర్వాత వస్తది. వాయిదాలల్ల కట్టొచ్చు, తగ్గించమని అడగొచ్చు, చానా దవాఖానలల్ల ఆదాయం తక్కువున్నోళ్లకు దరఖాస్తు ఉంటది. ఇక ఎమర్జెన్సీల పైసలున్నయా, ఇన్సూరెన్స్ ఉందా అని చూసి తిప్పి పంపుడు 1986 నాటి చట్టం ప్రకారం కుదరదు. ముందు పరీక్ష చేసి, ప్రాణాపాయం లేకుండ చెయ్యాల్సిందే. ఉబర్ బుక్ చేస్తనన్న మహానుభావుడు కూడ ఆ రాత్రి ఒకడున్నడు. ఉబర్ డ్రైవర్ దగ్గర ఎపినెఫ్రిన్ ఉంటదారా?

911 కొడితే ముందు అడ్రస్, అపార్ట్‌మెంట్ నంబర్‌తో సహా చెప్పాలె. తర్వాత "అలర్జిక్ రియాక్షన్, ట్రబుల్ బ్రీతింగ్" అంటే సాలు. వాళ్లు పెట్టెయ్యమనేదాక ఫోన్ పెట్టకండి.

తగ్గినంక ఇంటికి పోతనని జిద్దు చెయ్యొద్దు. సూది పనితనం దిగినంక, మళ్ల ఏం తినకున్నా, కొన్ని గంటలకు అదే తిరిగి రావచ్చు. అందుకే దవాఖానల ఆపుకుంటరు. మా పిల్లగాడు గంటకే బూట్లు వేసుకుంటున్నడు, నర్సు తిట్టి పండబెట్టింది.

సరే, ఇంత బెదిరించినంక ఇది కూడ చెప్పాలె. దద్దుర్లు లేసినోళ్లల్ల ఎక్కువమందికి చర్మంతోనే ఆగుతది. చానాసార్లు తిండి కారణమే కాదు, జలుబు జ్వరం వైరస్‌తోని కూడ లేస్తయి. తిండి అలర్జీ మామూలుగ నిమిషాలల్ల, లేదంటే రెండు గంటల లోపల బయటపడతది. నిన్న తిన్న రొయ్యలకు ఇయ్యాల సాయంత్రం లేసినయంటే అనుమానం వేరే దిక్కు పెట్టండి.

ఒక్కసారి పెద్దగ వచ్చినోళ్లు మాత్రం అలర్జీ డాక్టర్‌ను కలిసి, మనకు మనమే పొడుచుకునే ఎపినెఫ్రిన్ సూదికి, అంటే ఆటో ఇంజెక్టర్‌కు చీటీ రాయించుకోవాలె. ఒక్క డోసు సాలకపోవచ్చు, రెండు దగ్గర పెట్టుకోవాలె. పెద్దోళ్లది 0.3 మిల్లీగ్రాములు. తొడ బయటి దిక్కు మధ్యల, ప్యాంటు మీదికెళ్లే పొడవాలె, పొడిచినంక కూడ 911 కొట్టాలె. ఐదు నుంచి పదిహేను నిమిషాలల్ల తగ్గకపోతే రెండోది. కారుల వదిలిపెడితే ఎండకు మందు పాడయితది. డేటు చూసి మార్చుకోవాలె, యాడ పెట్టిన్రో రూమ్‌మేట్లకు చూపియ్యాలె. దుకాణంల కొనే ప్యాకెట్ల మీద నట్స్, రొయ్యలు, పల్లీలు ఉంటే రాసి ఉంటది, 2023 నుంచి నువ్వులు కూడ రాస్తున్నరు. పార్టీకి ఇంట్ల చేసుకొచ్చిన బ్రౌనీ మీద ఎవ్వడూ రాయడు, నోరు తెరిచి అడగాల్సిందే.