ఆఫర్ లెటర్ ఫొటోలోంచి వివరాలు రాసే ముందు చూసుకోవాల్సినవి

ముందు పేజీలన్నీ ఉన్నాయో లేదో చూడండి. జీతం విడివిడిగా ఉండేది చివర్లో వచ్చే అనెగ్జర్‌లో, చాలామంది ఫొటో తీయడం మర్చిపోయేది కూడా సరిగ్గా ఆ పేజీనే.

లెటర్‌లో సాధారణంగా మూడు తేదీలుంటాయి: లెటర్ రాసినది, ఒప్పుకోవడానికి గడువు, చేరాల్సినది. మనకు కావాల్సింది మూడోదే. 03/06/2025 అని ఉంటే అది జూన్ 3నా, మార్చి 6నా? లెటర్ మే 12న రాసి ఉంటే మార్చి అయ్యే ప్రశ్నే లేదు. సారాంశంలో మాత్రం నెల పేరు అక్షరాల్లో రాయండి.

హోదాని అందంగా మార్చకండి. "ట్రైనీ" అని ఉంటే ట్రైనీయే.

ఇక జీతం. మడత మీద పడ్డ అంకెల్లో 3, 8గా కనిపిస్తుంది, అందుకే కూడి చూడాలి. సీటీసీ, అంటే ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, 6,00,000 అనుకోండి. నెలకు బేసిక్ 20,000, హెచ్‌ఆర్‌ఏ 8,000, స్పెషల్ అలవెన్స్ 14,288 అని చదివారు. ఏడాదికి కంపెనీ పీఎఫ్ 21,600, గ్రాట్యుటీ 11,544, వేరియబుల్ 60,000. మొత్తం 6,00,600 వస్తోంది. ఆ 600ని 12తో భాగిస్తే 50, అంటే నెలవారీ అంకెల్లో పదుల స్థానంలో తేడా. ఫొటో పెద్దది చేసి చూస్తే అది 14,238.

సీటీసీని పన్నెండుతో భాగించి నెల జీతం 50,000 అని రాసేయకండి బాబూ, ఇక్కడ నెలకు గ్రాస్ 42,238 మాత్రమే, చేతికొచ్చేది ఉద్యోగి వాటా పీఎఫ్, ప్రొఫెషనల్ ట్యాక్స్ లాంటివి పోయాక ఇంకా తక్కువే. చదవలేని అంకె దగ్గర ఊహించి నింపకుండా "స్పష్టంగా లేదు" అని రాసి, ఇంకో ఫొటో అడగండి.