గల్ఫ్ నుంచి పూర్తిగా వచ్చేశారా? ఐటీ రిటర్న్ వేసే ముందు రోజులు లెక్కెట్టుకోండి

ఉద్దానం వైపు కువైట్, ఖతార్ నుంచి పూర్తిగా వచ్చేసినోళ్ళు చాలామంది రిటర్న్ కోసం బ్రోకర్ దగ్గరికెళ్ళి, అడిగినంత ఇచ్చి, తప్పు రెసిడెన్షియల్ స్టేటస్‌తో వేయించుకుని వస్తున్నారు. స్టేటస్ కోసం వేరే అప్లికేషన్ లేదు, సర్టిఫికెట్ కొనక్కర్లేదు, రిటర్న్‌లో మీరే ఎంచుకోవాలి. పాన్, ఆధార్, లాగిన్ సంగతి అందరికీ తెలిసిందే, తడబడేదంతా పాస్‌పోర్ట్ దగ్గరే.

లెక్క ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు. ఆ ఏడాది ఇక్కడ 182 రోజులుంటే రెసిడెంట్. అంత లేకపోయినా ఆ ఏడాది 60 రోజులు, అంతకుముందు 4 ఏళ్ళలో మొత్తం 365 రోజులు ఉంటే కూడా రెసిడెంటే. సెలవు మీద వచ్చి వెళ్ళేవాళ్ళకి ఈ 60 విషయంలో సడలింపు ఉంది, "182 దాటలేదు కాబట్టి నువ్వు ఎన్నారైవే" అని బ్రోకర్లు చెప్పేది దాన్ని పట్టుకునే, కానీ పూర్తిగా వచ్చేసినోళ్ళకి అది వర్తించదు.

కవిటి మనిషి ఒకాయన 2013లో కువైట్ వెళ్ళి 2025 నవంబర్ 20న వచ్చేశాడనుకోండి. మార్చి 31కి 132 రోజులు. వెనక 4 ఏళ్ళ సెలవులు 75, 170, 70, 65, ఆ 170 ఇల్లు కట్టించుకున్న ఏడాదిది. మొత్తం 380, అంటే రెసిడెంటే. కంగారు పడకండి, ఇంకో మెట్టు ఉంది. వెనక 10 ఏళ్ళలో 9 ఏళ్ళు నాన్ రెసిడెంట్‌గా ఉన్నా, లేదా వెనక 7 ఏళ్ళలో ఇక్కడున్న రోజులు 729 దాటకపోయినా Resident but Not Ordinarily Resident అవుతారు, రెండిట్లో ఒకటి చాలు. ఈయనకి ఆ 380కి అంతకు ముందు 3 ఏళ్ళవి ఇంకో 170 కలిపితే 550, 729 లోపే, అయిపోయింది. అక్కడ పనిచేసి అక్కడే తీసుకున్న జీతం మీద ఇక్కడ పన్ను పడదు. ఫారం మాత్రం ITR-2, ఈ స్టేటస్‌కి ITR-1 పనికిరాదు.

ఈ రోజులన్నీ వచ్చేది ఇమిగ్రేషన్ స్టాంపుల నుంచే, అందుకని రెన్యువల్ అయిపోయిన పాత పాస్‌పోర్ట్ దయచేసి పారేయకండి. దిగిన రోజు, ఎక్కిన రోజు రెండూ లెక్కలో వేసుకోండి. ఫిబ్రవరి 20న వచ్చి ఏప్రిల్ 20న వెళ్తే ఒకే సెలవు రెండు సంవత్సరాల్లోకి చీలుతుంది, 2025లో అయితే మొదటిదాంట్లో 40, రెండోదాంట్లో 20, చాలామంది మొత్తం ఒకే ఏడాదికి రాసేస్తారు. కాగితం మీద పట్టీ రాసుకుని స్టాంపులున్న పేజీల కాపీలతో దాచుకోండి. రిటర్న్‌తో ఏమీ జత చెయ్యక్కర్లేదు, కానీ నోటీసు వస్తే చూపించాల్సింది ఇవే.

బ్యాంకుకి మాత్రం ఈ రోజుల లెక్కతో పనిలేదు, ఉండిపోవడానికి వచ్చారంటే వెంటనే చెప్పి ఎన్ఆర్ఈ ఖాతా మార్పించుకోవాలి.

కవిటి ఆయనకి 2026-27లో కూడా ఇదే స్టేటస్ వస్తుంది, పదేళ్ళలో తొమ్మిదేళ్ళు నాన్ రెసిడెంటే కాబట్టి. 2027-28కి ఆ రెండిట్లో ఏదీ వర్తించదు, మామూలు రెసిడెంట్ అయిపోతాడు, అప్పటికి కువైట్ బ్యాంకు ఖాతా ఉంచుకుంటే అందులో ఎంత తక్కువున్నా రిటర్న్‌లో చూపించి తీరాలి.