చెదిరిన బిల్లులు, ఒక్క పట్టిక: నాలుగో పాఠం

పోయిన పాఠంలో చిత్తూరు దగ్గరి ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీ బిల్లులన్నీ స్కాన్ చేసి, జీఎస్టీ నంబరు, పేరు, తేదీ, మొత్తం అని నాలుగు గడుల్లోకి లాగాం. ఇప్పుడు వాటిని కలపాలి. మొదలుపెట్టే ముందు ఒక్క మాట: బిల్లులో ఉన్నది ఉన్నట్టుగా ఒక గడిలో వదిలేయండి. సరిచేసింది పక్క గడిలోనే రాయండి. తప్పు జరిగితే వెనక్కి వెళ్లడానికి వేరే దారి ఉండదు.

ముందు పేర్లు. మన వైపు సగం వ్యాపారాలకు వెంకన్న పేరే. దాన్ని ఒకరు `Sri` అని, ఒకరు `Sree` అని, ఇంకొకరు `Shri` అని కొడతారు. తర్వాత `Venkateswara`, `Venkateshwara`. ఆ తర్వాత `Pvt Ltd`, `(P) Ltd`. పోలికను బట్టి కలిపే పద్ధతి ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే నిజంగానే వేరైన రెండు వ్యాపారాల పేర్లు ఒకే కంపెనీ రెండు స్పెల్లింగుల కన్నా దగ్గరగా ఉంటాయి. నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. `& Co`, `Pvt Ltd` తీసేసి పేర్లు కలిపితే, తండ్రి భాగస్వామ్య సంస్థ, కొడుకుల ప్రైవేట్ లిమిటెడ్ ఒకటైపోయాయి. బాకీ తేలక రెండు రోజులు తల పట్టుకున్నాను.

అందుకే పేరు కాదు, జీఎస్టీ నంబరు చూడండి. అందులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండూ రాష్ట్రం: ఆంధ్రప్రదేశ్‌కు 37, తమిళనాడుకు 33, కర్ణాటకకు 29. తర్వాతి పదీ పాన్ నంబరు. మూడు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న మనకు ఇది బాగా పనికొస్తుంది. చిత్తూరులోనూ వేలూరులోనూ గోడౌన్లున్న కంపెనీకి రెండు జీఎస్టీ నంబర్లున్నా పాన్ ఒకటే. A గడిలోని జీఎస్టీ నంబరు నుంచి పాన్‌ను ఇలా తీయండి:

```
=MID(A2,3,10)
```

వచ్చిన పాన్‌లో నాలుగో అక్షరం చూడండి. C అయితే కంపెనీ, F అయితే భాగస్వామ్య సంస్థ, P అయితే వ్యక్తి. ఇది ముందే చూసి ఉంటే ఆ తండ్రీకొడుకులను నేను కలిపేవాణ్ని కాదు.

స్కాన్‌లో సున్నా, `O` తారుమారవుతాయి. పాన్‌లో మొదటి ఐదూ అక్షరాలు, తర్వాతి నాలుగూ అంకెలు, చివరిది అక్షరం. కాబట్టి అంకె చోట `O` కనబడితే అది సున్నానే. జీఎస్టీ నంబరు లేని విదేశీ కొనుగోలుదారులకు మాత్రం వేరే షీటు పెట్టి, వచ్చిన ప్రతి పేరు పక్కన మనం ఇచ్చిన ఒక కోడ్ చేత్తోనే రాసుకోవాలి. విసుగే, కానీ ఒక్కసారి చేస్తే చాలు.

ఇక తేదీలు. అమెరికా కొనుగోలుదారు కాగితంలో `06/07/2024` అని ఉంది. జూన్ 7నా, జూలై 6నా? రెండూ తోతాపురి సీజనే, కాబట్టి సీజన్‌ను బట్టి తేలదు. అదే కొనుగోలుదారు పంపిన మిగతా కాగితాలు తిరగేయండి. ఒకదాంట్లో `06/19/2024` దొరికింది. 19వ నెల లేదు గనుక ఆయన నెల ముందు రాస్తాడు. మనది జూన్ 7.

ఎక్సెల్ ఇక్కడే మోసం చేస్తుంది. భారత సెట్టింగుల్లో సీఎస్‌వీ ఫైలును నేరుగా తెరిస్తే `06/07/2024`ను చడీచప్పుడు లేకుండా జూలై 6 చేస్తుంది. `06/19/2024` మాత్రం అర్థంకాక అక్షరాలుగా వదిలేస్తుంది. ఒకే గడి వరసలో కొన్ని తేదీలు కుడికి, కొన్ని ఎడమకి అతుక్కుని కనిపిస్తే ఇదే జరిగిందని గుర్తు. అప్పుడు ఎడమవి మాత్రమే దిద్దితే సరిపోదు, కుడివీ తప్పే. తేదీ గడిని టెక్స్ట్‌గా మళ్లీ దిగుమతి చేసుకుని, ఆ కొనుగోలుదారు వరసలకు ఇలా రాయండి:

```
=DATE(RIGHT(C2,4),LEFT(C2,2),MID(C2,4,2))
```

ప్రతి భాగానికీ ముందు సున్నా ఉంటేనే ఇది సరిగ్గా పనిచేస్తుంది.

చివరిగా డబ్బు. మొత్తానికి ఒక గడి, కరెన్సీకి ఇంకో గడి: INR, USD, EUR. `$` గుర్తును నమ్మకండి, సింగపూర్‌ వాళ్లదీ డాలరే. యూరప్ బిల్లులో `18.060` అని ఉంటే చాలా దేశాల్లో అది పద్దెనిమిది వేల అరవై, చుక్క వేలకు గుర్తు. ఎక్సెల్ దాన్ని 18.06 అనుకుంటుంది. పట్టుకోవడం తేలికే: 80 డ్రమ్ములు, ఒక్కోటి 215 కిలోలు, అంటే 17.2 టన్నులు. టన్ను 1,050 యూరోల చొప్పున 18,060. లెక్క కుదిరింది.

రూపాయల్లోకి మార్చేటప్పుడు మారకపు రేటు, ఆ రేటు తేదీ కూడా పక్కనే రాయండి. బిల్లు తేదీ ఆదివారమైతే అంతకుముందు పనిదినం రేటు వాడండి. అన్ని వరసలకూ ఒకే నియమం ఉండాలి. కస్టమ్స్ రేటు వేరు, దాన్ని ఇందులో కలపకండి.

అభ్యాసం: మీ దగ్గరున్న ఏ ఇరవై బిల్లులైనా తీసుకుని, పాన్ గడి వేసి, ఒకే పాన్‌కు ఎన్ని పేర్లున్నాయో, ఒకే పేరుకు ఎన్ని పాన్‌లున్నాయో రాసి పెట్టుకోండి. ఆ రెండో జాబితాతోనే అయిదో పాఠం మొదలవుతుంది.