చైనీస్‌లో లె, గువో, జె తప్పుతున్నాయా? సమస్య - పరిష్కారం

మాండరిన్‌ను మనలో చాలామంది ఇంగ్లీషు పాఠ్యపుస్తకంతోనే నేర్చుకుంటాం. అందులో లె అంటే భూతకాలమనీ, జె అంటే ఇంగ్లీషులోని ‘ఇంగ్’ అనీ మనసులో పడిపోతుంది. తప్పులన్నీ అక్కడినుంచే మొదలవుతాయి. ఈ మూడు ముక్కలూ పని ఎప్పుడు జరిగిందో చెప్పవు, అది ఏ దశలో ఉందో చెబుతాయి. కాలాన్ని చెప్పేవి ‘నిన్న’, ‘రేపు’ లాంటి మాటలూ సందర్భమూ. (కింది ఉదాహరణల్లో టోన్లు గుర్తించలేదు.)

సమస్య 1: నిన్నటి సంగతికల్లా లె చేరుతోంది

‘నిన్న నేను చాలా పనిలో ఉన్నాను’ అనడానికి ‘వో జువోతియెన్ హెన్ మాంగ్ లె’ అని రాస్తారు. చైనీయులకు అది అతకదు.

కారణం: పనిలో ఉండడం ఒక స్థితి. అది నిన్నటిదని ‘జువోతియెన్’ ఇప్పటికే చెప్పేసింది. స్థితిని తెలిపే మాట తరువాత లె వస్తే ‘ఇదివరకు లేనిది ఇప్పుడు అయింది’ అనే అర్థం వస్తుంది. ఇది తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. ‘అర్థమైంది’ అంటాం. రూపం భూతకాలానిది, భావం మాత్రం ఇప్పటిది: ఇంతసేపూ తెలియనిది ఇప్పుడు తెలిసింది. చైనీస్‌లో సరిగ్గా అదే ‘మింగ్‌బాయ్ లె’. ‘ఆలస్యమైంది’ అంటే ‘వాన్ లె’. ఆకులు ఎర్రబడ్డాయంటే ‘యెజి హోంగ్ లె’. ఇంగ్లీషులో వీటిని వర్తమానంలో కూడా చెబుతారు కాబట్టి లె ఎందుకు వచ్చిందో ఇంగ్లీషు దారిలో వెళ్లేవారికి అంతు చిక్కదు.

పరిష్కారం: వాక్యాన్ని తెలుగులో అనుకోండి. ‘ఉన్నాను, ఉండేది’ అని వస్తే లె తీసేయండి: ‘వో జువోతియెన్ హెన్ మాంగ్’. ‘అయింది, పడింది’ అని వస్తే లె ఉంచండి. ‘చిన్నప్పుడు తరచూ వెళ్లేవాణ్ణి’ లాంటి అలవాట్లకూ లె అక్కర్లేదు.

ఇక లె భవిష్యత్తులోనూ హాయిగా వస్తుంది. ‘మింగ్‌తియెన్ చిలె ఫాన్ జాయ్ జోవ్’ అంటే ‘రేపు భోజనం చేసి వెళ్లు’. తినడం ఇంకా జరగలేదు. అయినా వెళ్లే సమయానికి అది ముగిసిపోయి ఉండాలి. మన ‘చేసి’కి సొంత కాలం లేనట్టే ఈ లెకూ లేదు.

సమస్య 2: ‘లె’కు బదులు ‘గువో’, ‘గువో’కు బదులు ‘లె’

‘తా ష్వాయ్‌దువాన్‌లె తుయ్’ అంటే ఆయన పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. వినేవారు వెంటనే ‘ఏ ఆసుపత్రిలో ఉన్నాడు?’ అని అడగవచ్చు. అదే ‘ష్వాయ్‌దువాన్‌గువో’ అంటే ఎప్పుడో ఒకసారి విరిగింది, ఇప్పుడు అతుక్కుంది. గువో ఆ అనుభవం ఉందని మాత్రమే చెబుతుంది, దాని ఫలితం ఇంకా మిగిలి ఉందని చెప్పదు. మామూలుగా మళ్లీ జరగగల పనులకే అది అతుకుతుంది.

పరిష్కారం: తెలుగు వాక్యంలో ‘ఎప్పుడైనా’, ‘ఇదివరకు ఒకసారి’ చేర్చి చూడండి. సహజంగా ఉంటే గువో. ‘లేదు’ దగ్గర మాత్రం జాగ్రత్త. ‘మెయ్’ వచ్చినప్పుడు, పని పూర్తయిందని చెప్పే లె రాలిపోతుంది, గువో నిలుస్తుంది. ‘వో మెయ్ చ్యు’ అంటే వెళ్లలేదు, ‘వో మెయ్ చ్యుగువో’ అంటే ఎప్పుడూ వెళ్లలేదు.

సమస్య 3: కోటు వేసుకున్నవాడు వేసుకుంటున్నవాడయ్యాడు

ఫోటో చూపించి వర్ణించమంటే చాలామంది ‘తా జాయ్ చువాన్ దాయీ’ అంటారు. ఫోటోలో మనిషి కోటు తొడుక్కుని నిలబడి ఉన్నాడు. వాక్యం మాత్రం అతను చేతులు దూర్చుతున్నాడని చెబుతోంది.

కారణం: ఇంగ్లీషులో ఈ రెంటికీ ఒకే ‘ఇంగ్’ రూపం వాడతారు. చైనీస్ విడదీస్తుంది, తెలుగూ విడదీస్తుంది. ‘వేసుకుంటున్నాడు’ అంటే ‘జాయ్ చువాన్’, ‘వేసుకుని ఉన్నాడు’ అంటే ‘చువాన్‌జె’. తలుపు తెరిచి ఉంది: ‘మెన్ కాయ్‌జె’. గోడకు బొమ్మ తగిలించి ఉంది: ‘చియాంగ్‌షాంగ్ గువాజె హువా’. మూడింటిలోనూ కదలిక లేదు, పని మిగిల్చిన స్థితి ఉంది. నాకైతే ఈ పోలిక తెలిసిన రోజున జె భయం పోయింది.

పరిష్కారం: తెలుగులో ‘-ఇ ఉంది’ కుదిరితే జె పెట్టండి. అయితే ఈ ఉపాయానికి ఒక హద్దుంది. మన క్త్వార్థకం ఒక్కటే రెండు పనులు చేస్తుంది, చైనీస్‌లో అవి వేరు. ‘కూర్చుని చదువుతోంది’లో కూర్చోవడం చదువుతున్నంతసేపూ సాగుతుంది కాబట్టి ‘తా జువోజె కాన్‌షు’. ‘తిని వెళ్లు’లో తినడం ముగిశాకే వెళ్లడం కాబట్టి ‘చిలె’. రెండో పని మొదలయ్యేసరికి మొదటిది ఇంకా ఉందా, అయిపోయిందా అని చూసుకోండి. ఉంటే జె, అయిపోతే లె.