భోగిపళ్ళు స్లో మోషన్‌లో తీసేముందు

పోయిన భోగికి మా మేనకోడలికి భోగిపళ్ళు పోస్తుంటే ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి తీశాను. సాయంత్రం ఆరున్నర, హాల్లో ఎల్ఈడీ ట్యూబ్‌లైటు, పీట మీద పిల్ల. రేగిపళ్ళు, చిల్లర, బంతిరేకలు తల మీంచి జారుతున్నాయి. తర్వాత చూస్తే అంతా మసక, మొహం మీద ఇసక చల్లినట్టు చుక్కలు. పైగా లైటు టపటపా కొట్టుకుంటోంది. "ఏంట్రా ఇది, పిల్లకి పళ్ళు పోశామా, చీమలు పోశామా?" అంది అక్క.

ఫోన్ పాడైందేమో అనుకున్నాను. ఫోన్‌కి ఏమీ కాలేదు, నేను పెట్టిన వేళా చోటూ తప్పు. సంక్రాంతికి ఇళ్ళకి వచ్చేవాళ్ళు ఇది ముందే తెలుసుకుంటే, ఏడాదికి ఒక్కసారి వచ్చే ఆ రెండు క్షణాలు పోగొట్టుకోరు.

మామూలు వీడియోలో సెకనుకి 30 ఫ్రేములు. వెలుతురు తక్కువైతే ఫోన్ ఒక్కో ఫ్రేముకి షట్టర్‌ని సెకనులో 30వ వంతు దాకా తెరిచి ఉంచుకోవచ్చు. స్లో మోషన్‌కని సెకనుకి 240 ఫ్రేములు అడిగితే ఆ వీలు పోతుంది. ఒక్కో ఫ్రేముకి దక్కేది మహా అయితే సెకనులో 240వ వంతు, అంటే ఎనిమిదో వంతు వెలుతురే. చాలా ఫోన్లలో లెన్సు కన్నాన్ని ఇంకా పెద్దది చేసే వీలు లేదు. కాబట్టి ఫోన్ చేసేది ఒక్కటే, ఐఎస్ఓ పెంచడం. అది వెలుతురు పెంచడం కాదు. అందిన కొంచెం వెలుతురునీ లెక్కలో పెద్దది చేసి చూపిస్తుంది, దానితోపాటు చుక్కలూ పెద్దవవుతాయి.

మా హాల్ సంగతే చూడండి. మామూలు ఇంట్లో రాత్రి వెలుతురు సుమారు 150 లక్స్ ఉంటుంది. అందులో 30 ఫ్రేముల వీడియోకి ఐఎస్ఓ 200 చుట్టుపక్కల సరిపోతుంది. 240 ఫ్రేములకి అది 1600 అవుతుంది. గోరంత సెన్సర్ ఉన్న ఫోన్‌కి 1600 అంటే చుక్కలు ఖాయం. తర్వాత ఎడిటింగ్‌లో బ్రైట్‌నెస్ పెంచితే చుక్కలే ఇంకా బాగా కనపడతాయి.

అందుకని మొదటి జాగ్రత్త, పీటని హాల్లోంచి వసారాలోకి తేవడం. జనవరి మధ్యలో మా కోనసీమలో పొద్దు గుంకేది ఇంచుమించు 5:45కి. నాలుగున్నరకి వసారా అంచున ఎండ తగలకపోయినా హాల్‌కి పది పదిహేను రెట్ల వెలుతురు ఉంటుంది. ఐఎస్ఓ 100, 200 దగ్గరే ఆగిపోతుంది. "దీపాలు పెట్టే వేళకి పొయ్యాలి కదా" అని నాన్నమ్మ అంటుంది. ఐదు దాటకుండా మొదలుపెడదామని బతిమాలితే మా ఇంట్లో ఒప్పుకున్నారు. మీ ఇంట్లో సంగతి నేను చెప్పలేను.

పిల్ల మొహం పెరటి వైపు, మీ వీపు పెరటి వైపు ఉండాలి. మీ నీడ పిల్ల మీద పడకుండా కొంచెం పక్కకి జరగండి. కొబ్బరిచెట్ల నీడ పడే వాకిలైతే మొహం మీద ఎండ మచ్చలు మచ్చలుగా పడని చోటు చూసుకోండి. పీట ముందు నేల మీద తెల్ల పంచె ఒకటి పరిస్తే గడ్డం కింద నీడ తగ్గుతుంది. వెనక హాల్ చీకటిగా ఉంటుంది కాబట్టి ఫోన్ ఆ చీకటిని చూసి మొహాన్ని తెల్లగా పేల్చేస్తుంది. మొహం మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో వెలుతురూ ఫోకసూ అక్కడే ఆగుతాయి (ఐఫోన్‌లో AE/AF LOCK అని పడుతుంది). అన్నట్టు, అరిసెలు తిన్న వేళ్ళతో లెన్సు ముట్టుకుని ఉంటారు, ముందు అది తుడవండి.

జూమ్ వాడకండి. జూమ్ లెన్సు వెనక ఉండే సెన్సర్ చాలా ఫోన్లలో చిన్నది, చీకటి ఇంకా పెరుగుతుంది. 1x లోనే ఉంచి నాలుగడుగుల దూరానికి నడిచి వెళ్ళండి.

ఇక 240 కావాలా, 120 చాలా? నా మాట 120. తల మీద ఒక అడుగు ఎత్తు నుంచి పోస్తే రేగిపండు తలని తాకడానికి పట్టేది పావు సెకను. 240లో అది తెర మీద రెండు సెకన్లు సాగుతుంది, 120లో ఒక సెకను. గుప్పెడు పళ్ళు ఒకదాని వెనక ఒకటి జారుతుంటాయి కాబట్టి ఆ ఒక్క సెకనే కళ్ళకి నిండుగా ఉంటుంది. దానికి బదులుగా ప్రతి ఫ్రేముకీ రెట్టింపు వెలుతురు దొరుకుతుంది. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో కెమెరా, అక్కడ Record Slo-mo లో 1080p at 120 fps ఎంచుకోవచ్చు. మిగతా ఫోన్లలో స్లో మోషన్ తెర మీదే అంకె మార్చుకునే వీలు చాలావాటిలో ఉంటుంది.

రాత్రే తీయక తప్పదంటే 120తో ఇంకో లాభం ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్. చవకరకం ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు వెలుగుతూ తగ్గుతూ ఉంటాయి. సెకనులో 30వ వంతు తెరిచిన షట్టర్‌లో అలాంటి మూడు విడతలు కలిసిపోతాయి కాబట్టి తేడా తెలియదు. 240వ వంతులో సగం విడత కూడా పట్టదు. ఒక ఫ్రేముకి వెలుగు చిక్కితే ఇంకోదానికి చీకటి చిక్కుతుంది, అదే ఆ టపటప. 120వ వంతులో విడతలో ఎక్కువ భాగం పడుతుంది. మినుకు పూర్తిగా పోదు కానీ బాగా తగ్గుతుంది. ముందురోజు రాత్రే హాల్లో ఒక్కో లైటూ వేసి ఐదు సెకన్లు తీసి చూడండి. కొట్టుకునే లైటు ఏదో తెలిసిపోతుంది, పండగనాడు దాన్ని ఆపేయండి. మిగిలిన లైటుని దగ్గరికి తెండి. రెండు మీటర్ల దూరంలోని బల్బుని ఒక మీటరుకి తెస్తే దాని వెలుతురు సుమారు నాలుగు రెట్లవుతుంది.

రిజల్యూషన్ తగ్గిస్తే వెలుతురు పెరుగుతుందని కొందరంటారు. దానికదే పెరగదు, షట్టర్ సమయం ఫ్రేముల లెక్కని బట్టే ఉంటుంది. 240 ఫ్రేముల్లో సెన్సర్ మొత్తాన్ని నాలుగు మిల్లీసెకన్లలో చదవాలి, అది చాలా ఫోన్లకి మించిన పని. అందుకే కొన్ని వరసలు వదిలేస్తాయి, లేదా మధ్య భాగమే వాడుకుంటాయి. వదిలేసిన చోట పడ్డ వెలుతురు వృథా. పక్కపక్క పిక్సెళ్ళని కలిపి చదివే ఫోన్లలో మాత్రం కొంత మేలు. కొత్త ఖరీదైన ఫోన్లలో 4K లో 120 ఉన్నా, హాల్లో అది 1080p కంటే వెలుతురేమీ ఎక్కువ తేదు, ఫైలు మాత్రం లావవుతుంది.

960 అని కనపడితే ఆశపడకండి. అది ఎక్కువగా 720p లో, చాలా కొద్దిసేపే పట్టే తునక. కొన్ని ఫోన్లు మధ్య ఫ్రేముల్ని ఊహించి కల్పిస్తాయి కూడా. పళ్ళు ఒకదాన్నొకటి తగిలేచోట అంచులు కరిగినట్టు సాగితే అది కల్పనే.

మొదట పోసే పెద్దావిడ వంతు మామూలు వీడియోలోనే తీయండి, అది ఎలాగైనా ఉండాల్సిందే. రెండో వారినుంచి స్లో మోషన్ పెట్టండి. ఒకరు పోశాక వెంటనే చూసుకుంటే, చీకటిగా వచ్చినా మూడో అత్తయ్య వచ్చేలోపు పీట జరుపుకోవచ్చు. అక్కకి పంపేటప్పుడు వాట్సాప్‌లో వీడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. మామూలుగా పంపితే అది నలిపేసి, మిగిలిన కాసిని చుక్కల్నీ గళ్ళుగా మారుస్తుంది.