జంట రంగులు, 3వ పాఠం: పీటల మీద ఎవరు ఎటు వైపు?

మొదటి పాఠంలో చీరను బాడీ, అంచు, కొంగు అని విడదీసి చూశాం. రెండో పాఠంలో భార్య చీరలో ఎక్కువగా ఉన్న రంగును భర్త బట్టల్లోకి తేకూడదని, తక్కువగా ఉన్న రంగునే తేవాలని, అదీ కొంచెమే ఉండాలని అనుకున్నాం. ఈసారి ఆ సూత్రాన్ని వినాయక చవితి పూజకు పెట్టి చూద్దాం. నిలబడి ఫొటో దిగడానికీ పక్కపక్కన పీటల మీద కూర్చుని పూజ చేయడానికీ చాలా తేడా ఉంది. కూర్చుంటే చీర కుచ్చిళ్ళు ఒళ్ళో ముడుచుకుపోతాయి, ఆయన పంచె ఒళ్ళంతా పరుచుకుంటుంది. ముందు కనబడేవి రెండు ఒళ్ళు, రెండు భుజాలు, వాటి మధ్య ఒకరి బట్ట మరొకరి బట్టకు తగిలే చోటు. యూనిఫాం వేసుకున్నట్టు కనబడటం చాలాసార్లు మొదలయ్యేది ఆ తగిలే చోటే.

చేతిలో ఒక చీర ఉంటే పాఠం సులువు. గద్వాల్ కాటన్ చీర తీసుకుందాం. మస్టర్డ్ రంగు నూలు బాడీ, మెరూన్ పట్టు అంచు, అదే మెరూన్ కొంగు, బంగారు జరీ. గద్వాల్‌లో బాడీ నూలుతో, అంచూ కొంగూ పట్టుతో నేసి కలుపుతారు కాబట్టి, రంగుతోపాటు మెరుపు కూడా బాడీకీ అంచుకూ మధ్య మారిపోతుంది. మనకు అది గుర్తుండాలి.

ఇలాంటి చీర చూడగానే చాలామంది ఆయనకు మస్టర్డ్ కుర్తా వెతుకుతారు. వద్దని రెండో పాఠంలోనే చెప్పాను. సరే, మెరూన్ కుర్తా? అదీ ఎక్కువే. కుర్తా అంటే ఛాతీ, రెండు చేతులు, అంత మేరా ఒకే రంగు. చీరలో అంచుగా ఉన్న రంగు ఆయన దగ్గర బాడీ అయిపోతుంది. అందుకే పంచె, కుర్తా రెండూ క్రీమ్ రంగులో ఉంచి, మెరూన్‌ను కండువాకు ఇద్దాం. పంచె మాత్రం తెల్లగా మెరిసిపోయేది వద్దు. నీలిమందు పెట్టిన తెలుపు, డిటర్జెంట్ వల్ల వచ్చే మెరిసే తెలుపు ట్యూబ్‌లైట్ కింద నీలంగా కనబడతాయి. పక్కన మస్టర్డ్, బంగారు జరీ ఉంటే ఆ నీలం ఇంకా తేలిపోతుంది. హాఫ్‌వైట్ పంచె అయితే జరీతో కలిసిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆవిడ ఆయనకు ఎటు వైపు కూర్చుంటారు? ఇది ఇంటి ఆచారాన్ని బట్టి, చేయించే పంతులుగారిని బట్టి ఉంటుంది. పెద్దవాళ్ళను అడిగి ముందే తెలుసుకోండి, మార్చమని మాత్రం అడగొద్దు. రంగుల కోసం ఆచారం మార్చాల్సిన పని లేదు, బట్ట మారిస్తే చాలు.

ఆవిడ ఆయనకు ఎడమ వైపు కూర్చున్నారనుకోండి. మామూలుగా కట్టిన చీరలో కొంగు ఎడమ భుజం మీద ఉంటుంది, కాబట్టి అది ఆయనకు దూరంగా ఉంటుంది. ఆయన పక్కకు వచ్చేది ఆవిడ కుడి చెయ్యి, అంటే జాకెట్టు చేతి గుడ్డ. ఆయన కండువా మామూలుగా ఎడమ భుజం మీద ఉంటుంది. అంటే జాకెట్టు చెయ్యి, కండువా రెండూ ఒకదానికొకటి తగులుతాయి. చీర అంచుకు మ్యాచింగ్ అని మెరూన్ జాకెట్టు కుట్టించి, ఆయనకూ మెరూన్ కండువా కొంటే, సరిగ్గా ఫొటో మధ్యలో మెరూన్ ముద్ద ఒకటి తయారవుతుంది. అంతా తూకంగా ఎంచుకున్నా ‘జంట డ్రెస్’ అనిపించేది దానివల్లే. పైగా రెండు మెరూన్లు ఒకే షేడ్ అవ్వవు. ఒకటి కాస్త ఎరుపు వైపు, ఇంకొకటి కాస్త గోధుమ వైపు ఉంటే, మ్యాచింగ్ కుదరనట్టు కనబడుతుంది. అది యూనిఫాం కంటే ఘోరం.

ఇక్కడ రెండు దారులు. జాకెట్టు మెరూన్ అలాగే ఉంచి, కండువాను క్రీమ్ రంగులో, సన్నటి మెరూన్ గీత ఉన్న జరీ అంచుతో తీసుకోవడం ఒకటి. లేదా మెరూన్ కండువా ఇప్పటికే కొనేసి ఉంటే, జాకెట్టును ముదురు ఆకుపచ్చకు మార్చడం. మస్టర్డ్ పక్కన ముదురు ఆకుపచ్చ చక్కగా ఒదుగుతుంది, పాలవెల్లికి కట్టిన ఆకులూ పత్రీ కూడా వెనక ఉంటాయి కాబట్టి వింతగా ఉండదు. నేనైతే మొదటి దారే చెబుతాను. జాకెట్టు మళ్ళీ కుట్టించడం కంటే కండువా మార్చడం తేలిక.

ఆవిడ కుడి వైపు కూర్చునే ఇల్లయితే లెక్క తిరగబడుతుంది. మెరూన్ కొంగు ఆయన కుడి చేతికి తగులుతుంది. ఆ చేతి మీద ఉన్నది క్రీమ్ కుర్తా కాబట్టి గొడవ లేదు. కండువా అటువైపు ఎడమ భుజం మీద ఉంటుంది, దాన్ని నిశ్చింతగా మెరూన్‌లో తీసుకోవచ్చు. రెండు మెరూన్ల మధ్య ఒక మనిషంత వెడల్పు క్రీమ్ ఉంటుంది కాబట్టి షేడ్ తేడా ఎవరికీ తెలియదు. ఆయన చొక్కా లేకుండా పంచె, ఉత్తరీయంతోనే కూర్చునే ఇళ్ళలో ఒంటిమీద రంగంటూ కనబడేది ఆ ఉత్తరీయమే. దాన్ని చీర కొంగు కంటే ఒక మెట్టు లేతగా తీసుకోండి.

షేడ్ దగ్గరగా ఉందో లేదో కంటితో తేల్చడం కష్టం. కండువా, జాకెట్టు గుడ్డ, చీర అంచు మూడూ కలిపి ఒక ఫొటో తీసి, ఫోన్ ఎడిట్‌లో సాచురేషన్‌ను పూర్తిగా తగ్గించండి. నలుపు తెలుపు ఫొటోలో రెండు గుడ్డలు ఒకేలా బూడిద రంగులో కలిసిపోతే రెండూ ఒకే అంత ముదురన్నమాట, రంగులు కూడా దగ్గరగా ఉంటే దూరం నుంచి ఒకేలా కనబడతాయి. తేడా స్పష్టంగా ఉంటే భయం లేదు. ఈ పరీక్ష చీకటి గదిలో చేయకండి. చవితి పూజ చాలా ఇళ్ళలో పొద్దున్నే మొదలై మధ్యాహ్నానికి ముగుస్తుంది, కాబట్టి ఒకసారి కిటికీ వెలుగులో చూడండి. రెండోసారి పూజ గదిలో, పండగ రోజు వేసే లైట్లు వేసి చూడండి. పసుపు వెలుగున్న ఎల్‌ఈడీలు, సీరియల్ లైట్లు ఉంటే మస్టర్డ్, క్రీమ్ దగ్గరకు వచ్చేస్తాయి, ముదురు ఆకుపచ్చ నలుపులా మారుతుంది. పూజకు నలుపు కట్టరాదనే పట్టింపు ఉన్న పెద్దవాళ్ళు ఉంటే, ఆ ఆకుపచ్చ గురించి అక్కడే తేల్చుకోండి.

మెరుపు గురించి కూడా ఒక మాట. చీర బాడీ నూలు కాబట్టి ఆయనకు తళతళలాడే ఆర్ట్ సిల్క్ కుర్తా వేస్తే చూపు మొత్తం ఆయన మీదికే పోతుంది. నూలు కుర్తా వేసి, మెరుపు కండువా అంచులో మాత్రమే ఉంచండి. పెళ్ళిలో ఇచ్చిన పట్టు పంచె ఉంటే కట్టుకోవచ్చు. దాని అంచు జరీ బంగారు రంగా, వెండి రంగా చూసుకోండి. చీరలో బంగారు, పంచెలో వెండి ఉంటే, ఆవిడ నగలతో సహా అంతా అతకదు.

ఈ పాఠానికి అభ్యాసం: బీరువాలోంచి అంచు ఉన్న చీరలు రెండు, వాటి జాకెట్లు, ఆయన కండువాలన్నీ బయటకు తీయండి. మీ ఇంట్లో కూర్చునే వరుసలో రెండు పీటలు వేసి, ఆవిడ పీట మీద ఆయన వైపు వచ్చే గుడ్డను, ఆయన పీట మీద ఆవిడ వైపు వచ్చే గుడ్డను పరచండి. ఐదడుగుల దూరం నుంచి చూస్తే రెండూ ఒకే గుడ్డలా కలిసిపోయే జతను పక్కన పెట్టేయండి. మిగిలినవే చవితికి పనికొచ్చేవి.

తరువాతి పాఠంలో పోచంపల్లి ఇక్కత్ చీర. అందులో అంచుకే కాదు, బాడీలోనే నాలుగైదు రంగులు ఉండొచ్చు, ఏ రంగు ఆయనకు ఇవ్వాలో తేల్చుకునే లెక్క వేరు.