ఎద ఇంజెక్షన్లు వేసినా గేదెలు చూడి కట్టకపోతే: తేదీని బట్టి కారణం, పరిష్కారం

పాడి పశువుల మందలో కొన్నింటిని ఒకే రోజున ఎదకు తెచ్చి, ఎద లక్షణాల కోసం కాపు కాయకుండా నిర్ణీత సమయానికి కృత్రిమ గర్భధారణ చేయడాన్ని ఎద ఏకీకరణ అంటారు. గేదెల విషయంలో దీని అవసరం ఎక్కువ, ఎందుకంటే గేదెల్లో మూగ ఎద సాధారణం. అరవకుండా, తీగలు స్పష్టంగా వేయకుండా రాత్రి పూట ఎదకు వచ్చి తెల్లవారేసరికి చల్లబడిపోయే గేదెను యజమాని గుర్తించలేడు. అటువంటి పశువుకు ఈ పద్ధతి నిజంగా మేలు చేస్తుంది. అయితే రైతులు వీటిని "ఎద ఇంజెక్షన్లు" అని పిలవడం వల్ల ఒక అపోహ స్థిరపడింది. ఈ మందులు ప్రధానంగా అండాశయంలో అప్పటికే నడుస్తున్న చక్రాన్ని ఒక తేదీకి సర్దుతాయి. ఆగిపోయిన చక్రాన్ని తిరిగి నడిపించే శక్తి వాటికి చాలా తక్కువ.

ఇక్కడ ఎక్కువగా వాడే పద్ధతి ఒవ్‌సింక్. 1995లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆవుల కోసం దీనిని ప్రచురించారు. ఒక సోమవారం ఉదయం 8 గంటలకు జి.ఎన్.ఆర్.హెచ్. అనే హార్మోను ఇంజెక్షన్ (బ్యూసెరెలిన్ అయితే 10 మైక్రోగ్రాములు) వేస్తే, అండాశయంలో పెద్దదిగా ఉన్న ఫాలికిల్, అంటే అండం పెరిగే బుడగ, పగిలి ఆ చోట పసుపు గడ్డ ఏర్పడుతుంది. వారం తరువాత, మళ్లీ సోమవారం ఉదయం 8 గంటలకు వేసే ప్రోస్టాగ్లాండిన్ (క్లోప్రోస్టెనాల్ 500 మైక్రోగ్రాములు) ఆ పసుపు గడ్డను కరిగిస్తుంది. బుధవారం సాయంత్రం 4 గంటలకు, అంటే 56 గంటల తరువాత, రెండవసారి జి.ఎన్.ఆర్.హెచ్. వేసి, గురువారం ఉదయం 8 గంటలకు వీర్యదానం చేస్తారు. ఈ మొత్తం క్రమాన్ని పశువైద్యుడు పరీక్షించి, సూచించిన తరువాతే మొదలుపెట్టాలి.

ఇది విఫలమైనప్పుడు ముందుగా ఒక ప్రశ్న వేసుకోవాలి: ఒకటి రెండు పశువులే కట్టలేదా, లేక గుంపంతా కట్టలేదా? ఒకటి రెండైతే ఆ పశువులను పరీక్షించాలి. గుంపంతా విఫలమైతే మందును, సమయాలను, వీర్యపు క్యానును అనుమానించాలి. మే నెల ఎండలో మోటారు సైకిలు పెట్టెలో మధ్యాహ్నమంతా తిరిగిన మందు సీసా పేరుకే మందు. ఆ తరువాత ఏ రోజున ఏ లక్షణం కనిపించిందో చూస్తే కారణం చాలావరకు బయటపడుతుంది.

సమస్య: మందులన్నీ వేసినా సగానికి పైగా పశువుల్లో ఏ మార్పూ లేదు, నెల తరువాత పరీక్షిస్తే ఖాళీగానే ఉన్నాయి.

ఫిర్యాదుల్లో ఇది ముందు వరుసలో ఉంటుంది, దీని మూలం దాదాపు ఎప్పుడూ మొదటి ఇంజెక్షన్‌కు ముందే ఉంటుంది. కృష్ణా డెల్టాలో 16 గేదెలున్న ఒక డెయిరీని ఊహించుకుందాం. మే నెలలో యజమాని "అన్నీ ఈని మూడు నెలలు దాటాయి, ఒక్కటీ ఎదకు రాలేదు, అన్నింటికీ ఒకేసారి వేసేయండి" అంటాడు. డాక్టరు ముందుగా స్కానింగు చేస్తే రెండు గేదెలు చూడితో ఉన్నాయి. ఊరి దున్న ఎప్పుడో దాటింది, ఎవరూ రాసుకోలేదు. ఒకదాని గర్భాశయంలో చీము ఉంది. ఐదింటి అండాశయాలు చిన్నవిగా, నున్నగా, పసుపు గడ్డ గాని పెద్ద ఫాలికిల్ గాని లేకుండా ఉన్నాయి. మిగిలిన ఎనిమిదింటిలోనే చక్రం నడుస్తోంది. పరీక్ష లేకుండా 16కూ వేసి ఉంటే, పని చేసే అవకాశం సగం మందకే ఉండేది. పైగా రెండు చూడి గేదెలు ఈసుకుపోయే ప్రమాదం ఉండేది. అప్పుడు యజమాని మందును తిట్టేవాడు.

పరిష్కారం కూడా ఆ విభజనలోనే ఉంది. ఎనిమిది గేదెలకు ఒవ్‌సింక్ మొదలుపెట్టవచ్చు. చీము పట్టిన గేదెలో పసుపు గడ్డ కూడా ఉంటే దానికి ప్రోస్టాగ్లాండిన్ ఒక్కటే వైద్యంగా వేస్తారు, ఎందుకంటే పసుపు గడ్డ కరిగి గర్భాశయ ముఖం తెరుచుకుంటే చీము బయటకు వస్తుంది. దానికి ఆ విడతలో వీర్యదానం చేయకూడదు. నున్నటి అండాశయాలున్న ఐదింటిలో కరిగించడానికి పసుపు గడ్డే లేదు కాబట్టి ప్రోస్టాగ్లాండిన్ వృథా. ఈనిన తరువాత పాలకు సరిపడా మేత అందక ఎముకలు తేలిన గేదె, దూడ రోజంతా చప్పరించే గేదె, ఎండకు నీరు లేక వగర్చే గేదె సాధారణంగా ఈ స్థితిలో ఉంటాయి. వాటికి ముందు నట్టల మందు, దాణా, ఖనిజ లవణ మిశ్రమం, మధ్యాహ్నం నీటి తడి కావాలి. ఒళ్లు తిరిగిన తరువాత కూడా ఎదకు రాకపోతే, ప్రొజెస్టిరాన్ హార్మోనును కొద్దికొద్దిగా విడుదల చేసే పరికరాన్ని యోనిలో ఏడు నుంచి తొమ్మిది రోజులు ఉంచి, తీసే సమయంలో ప్రోస్టాగ్లాండిన్‌తో పాటు ఇ.సి.జి. హార్మోను ఇచ్చే పద్ధతి ఒవ్‌సింక్ కంటే మేలైనది. నా అభిప్రాయంలో ఆ ఐదింటిని మే నెలలో తాకకుండా, గేదెలు సహజంగా ఎదకు వచ్చే వర్షాకాలపు చివరి వరకు ఆగడమే తక్కువ ఖర్చు.

సమస్య: ప్రోస్టాగ్లాండిన్ ఒక్కటే వేశాం, కొన్ని ఎదకు వచ్చాయి, కొన్ని రాలేదు.

ఎద వచ్చి నాలుగైదు రోజులు కాకముందు పసుపు గడ్డ ఈ మందుకు లొంగదు. పదిహేడవ రోజు దాటితే అది తనంతట తానే కరిగిపోతుంటుంది. అందువల్ల చక్రం బాగానే నడుస్తున్న గుంపులో కూడా కొన్ని తప్పిపోవడం సహజం. స్పందించని వాటికి 11 రోజుల తరువాత రెండవ మోతాదు వేస్తే ఎక్కువ భాగం లొంగే దశలోకి వచ్చి ఉంటాయి. రెండవసారి కూడా కదలని పశువును మళ్లీ పొడవకుండా, అండాశయ పరీక్షకు పంపాలి. పొట్టి సూదితో కొవ్వులోకి వేయడం, సీసాలో మిగిలింది రెండు పశువులకు సర్దడం కూడా ఇదే లక్షణాన్ని చూపిస్తాయి. మందు పూర్తి మోతాదులో కండలోకి దిగాలి.

సమస్య: ఒవ్‌సింక్ మధ్యలో, రెండవ సోమవారం రాకముందే గేదె ఎదకు వచ్చింది.

మొదటి ఇంజెక్షన్ వేసిన రోజున లొంగే దశలో ఉన్న ఫాలికిల్ లేకపోవడం వల్ల కొత్త పసుపు గడ్డ ఏర్పడలేదు, పాతది తన సమయానికి కరిగిపోయింది. క్యాలెండరు పట్టుకుని గురువారం దాకా ఆగితే ఆ అండం పోతుంది. ఎద నిజమని నిర్ధారించుకుని, ఎద గుర్తించిన పన్నెండు గంటల ప్రాంతంలో మామూలుగానే వీర్యదానం చేసి, మిగిలిన ఇంజెక్షన్లు ఆపేయాలి. ప్రతి విడతలోనూ ఇలాంటివి అనేకం కనిపిస్తుంటే, ఒవ్‌సింక్‌కు ముందుగా 14 రోజుల తేడాతో రెండు ప్రోస్టాగ్లాండిన్‌లు వేసి, రెండవదానికి పన్నెండు రోజుల తరువాత మొదలుపెడితే పశువులు ఒకే దశలో ఉంటాయి. ఆవు పెయ్యల్లో మాత్రం ఒవ్‌సింక్ బలహీనమే. వాటికి ప్రొజెస్టిరాన్ పరికరం ఆధారంగా నడిచే పద్ధతి వాడటం మంచిది.

సమస్య: గురువారం ఉదయం ఎద లక్షణాలు ఏమీ లేవు.

ఇది లోపం కాదు. రెండవ జి.ఎన్.ఆర్.హెచ్. అండం విడుదలను ముందుకు జరపడం వల్ల ఎద లక్షణాలు పూర్తిగా బయటపడకపోవచ్చు, అయినా వీర్యదానం చేయాలి. "తీగలు లేవు కదా" అని గోపాలమిత్ర వెనక్కి వెళ్లిపోతే పదిరోజుల పని వృథా అవుతుంది.

సమస్య: వీర్యదానం చేసిన సుమారు 21 రోజులకు తిరిగి పొర్లింది.

ఇది కొంత మంచి వార్త, ఎందుకంటే అండం విడుదలైంది, పసుపు గడ్డ ఏర్పడింది, పూర్తి చక్రం గడిచింది. హార్మోన్లు తమ పని చేశాయి. లోపం వీర్యంలోనో, వేసిన చేతిలోనో, గర్భాశయంలోనో వెతకాలి. క్యానులో ద్రవ నత్రజని కొలిచారా, వీర్యపు స్ట్రాను 37 డిగ్రీల నీటిలో 30 సెకన్లు కరిగించారా, లేక చొక్కా జేబులో వెచ్చబెట్టారా, కరిగించిన తరువాత పశువు దగ్గరికి చేరడానికి ఎంతసేపు పట్టింది అన్నవి అడగాలి. ఒకే రోజున పన్నెండు గేదెలకు వేయాల్సి వచ్చినప్పుడు స్ట్రాలన్నీ ఒకేసారి కరిగించడం పెద్ద తప్పు. ఏకీకరణ వల్ల పని ఒకే గంటలో పడుతుంది కాబట్టి ఈ తప్పు ఇక్కడే ఎక్కువ జరుగుతుంది. తీగల్లో తెల్లటి చీము పోగులు కనిపిస్తే గర్భాశయానికి చికిత్స ముందు, వీర్యదానం తరువాత.

అదే గేదె ఎనిమిది నుంచి పన్నెండు రోజులకే తిరిగి ఎదకు వస్తే కారణం వేరు. అండం విడుదలైనా పసుపు గడ్డ బలహీనంగా ఉండి ముందే కరిగిపోయింది. చక్రం అప్పుడే మొదలవుతున్న పశువుల్లో ఇది కనిపిస్తుంది. అలాంటి వాటికి తరువాతి విడతలో ప్రొజెస్టిరాన్ పరికరం చేర్చాలి.

సమస్య: ఇంజెక్షన్ వేసిన కొన్ని రోజులకు గేదె ఈసుకుపోయింది.

ప్రోస్టాగ్లాండిన్ చూడి గేదెలోని పసుపు గడ్డను కూడా కరిగిస్తుంది, ఆ గడ్డ మీదే చూడి నిలబడుతుంది. జరిగిన తరువాత దీనికి విరుగుడు లేదు. గర్భాశయం పూర్తిగా ఖాళీ అయిందో లేదో, మాయ పడిందో లేదో డాక్టరుకు చూపించడమే మిగిలేది. చేతి పరీక్షతో రెండు నెలల చూడి నమ్మకంగా తెలుస్తుంది, స్కానింగుతో నెల రోజులకే తెలుస్తుంది. అందువల్ల గత రెండు నెలల్లో ఎవరైనా వీర్యదానం చేశారా, దున్న దాటిందా అన్న ప్రశ్నకు రాతపూర్వక సమాధానం లేని పశువుకు స్కానింగు లేకుండా ఈ మందు వేయకూడదు. మందు మనుషుల చర్మం గుండా కూడా ఒంటిలోకి చేరుతుంది. చూలాలు, ఉబ్బసం ఉన్నవారు సీసాను ముట్టుకోకూడదు, మిగిలినవారు తొడుగులు వేసుకోవాలి, ఒంటి మీద పడితే వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. పశువుల కొట్టంలో సిరంజి అందించే పని ఇంట్లో ఆడవారి చేత చేయించే చోట ఈ మాట ముందుగానే చెప్పాలి.

సమస్య: ప్రొజెస్టిరాన్ పరికరం పడిపోయింది, లేదా తీసినప్పుడు జిగురుగా చీములాంటిది వచ్చింది.

వేలాడే దారాన్ని రోజూ ఉదయం చూడాలి. పక్కనున్న గేదె దాన్ని కొరికి లాగడం మామూలే, కాబట్టి దారాన్ని పొట్టిగా కత్తిరించాలి. పరికరం ఏ రోజున పడిందో తెలియకపోతే ఆ పశువును విడత నుంచి తప్పించి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. తీసేటప్పుడు కొద్దిగా మబ్బు ద్రవం రావడం యోని పొర ఒరిపిడి వల్లే; సాధారణంగా అది తనంతట తగ్గిపోతుంది, వీర్యదానానికి అడ్డం కాదు. దుర్వాసన, జ్వరం, మేత మానడం తోడైతే మాత్రం వీర్యదానం ఆపి డాక్టరును పిలవాలి. ఒక గేదెలో వాడిన పరికరాన్ని కడిగి మరో గేదెకు పెట్టడం వల్ల రోగాలు పాకుతాయి, అందులో మిగిలిన హార్మోను కూడా సరిపోకపోవచ్చు.